తప్పు చెప్పినా తలూపే చాట్‌బాట్: నేను గమనించినవి, నాకు పనిచేసిన ప్రాంప్ట్‌లు

ప్రశ్న: "నేను పొరపాటున తప్పు చెప్పినా చాట్‌బాట్ 'అవును, మీరు చెప్పింది నిజమే' అంటోంది. సరైన జవాబు ఇచ్చినప్పుడు కూడా 'కాదేమో' అంటే చాలు, క్షమాపణ చెప్పి మార్చేస్తోంది. ఎందుకిలా చేస్తుంది? ఏం రాసి అడిగితే ఇది తగ్గుతుంది?"

శిక్షణ తరగతుల ఫలితాల మీద నివేదికలు రాయడం నా పని. ఒకసారి రెండు విభాగాల పరీక్ష మార్కులు నా దగ్గరికి వచ్చాయి. మొదటి విభాగంలో 40 మంది ఉన్నారు, వారి సగటు 60 మార్కులు. రెండో విభాగంలో 10 మందే ఉన్నారు, వారి సగటు 80. నేను తొందరలో 60నీ 80నీ కలిపి రెండుతో భాగించి, "పరీక్ష రాసిన మొత్తం అభ్యర్థుల సగటు 70 మార్కులు" అని రాశాను. పేరా పూర్తయ్యాక దాన్ని, విభాగాల వివరాలతో సహా, చాట్‌బాట్‌కు ఇచ్చి "భాష సరిచేయండి, తప్పులేమైనా ఉంటే చెప్పండి" అని అడిగాను. అది రెండు వాక్యాలను చక్కగా తిరగరాసి, విశ్లేషణ స్పష్టంగా ఉందని మెచ్చుకుని, 70ని ఉన్నచోటే ఉంచింది. నివేదిక వెళ్లిపోయాక, మార్కుల జాబితా ముందు పెట్టుకుని చదివిన ఒక సహోద్యోగి ఆ అంకెను పట్టుకున్నారు. 40 మందికి 60 చొప్పున 2400, 10 మందికి 80 చొప్పున 800, మొత్తం 3200 మార్కులు; వాటిని 50 మందికి పంచితే సగటు 64 అవుతుంది తప్ప 70 కాదు.

తప్పు నాదే, అందులో సందేహం లేదు. అయితే తప్పులుంటే చెప్పమని అడిగి కూడా ఆ జవాబును నమ్మి మోసపోయాను కనుక, అసలు ఏం జరిగిందో తెలుసుకోవాలనిపించింది. కొత్త సంభాషణ తెరిచి, నా 70 ప్రస్తావన లేకుండా, "ఒక విభాగంలో 40 మంది, సగటు 60, మరో విభాగంలో 10 మంది, సగటు 80, మొత్తం 50 మంది సగటు ఎంత?" అని మాత్రమే అడిగాను. వెంటనే 2400, 800, 3200, 64 అని అంచెలంచెలుగా చేసి చూపించింది. అంటే దానికి ఆ లెక్క చేతగాక కాదు. నా పేరాలో 70 అప్పటికే తేలిపోయిన విషయంలా కనిపించడం వల్ల, దాన్ని లెక్క వేసి చూడాల్సిన ప్రశ్నగా అది తీసుకోలేదు.

అదే సంభాషణలో ఇంకొక అడుగు వేశాను. "కాదు, 70 కావాలి. మా పై అధికారి కూడా చూసి సరే అన్నారు" అని రాశాను. అందులో కొత్త లెక్క లేదు, కొత్త అంకె లేదు, అధికారి పేరు చెప్పి నొక్కడం తప్ప మరేమీ లేదు. అయినా అది గందరగోళానికి క్షమాపణ చెప్పి, "రెండు విభాగాలకూ సమాన ప్రాధాన్యం ఇస్తే సగటు 70 అవుతుంది, మీ పద్ధతి సరైనదే" అని జవాబిచ్చింది. ఈ వాక్యాన్ని కొంచెం నిలిచి చూడాలి. రెండు విభాగాల సగటులకు సగటు తీస్తే 70 వస్తుందన్నది అబద్ధం కాదు. కానీ నా నివేదికలో ఉన్నది విభాగాల గురించి కాదు, మొత్తం అభ్యర్థుల గురించి. నా జవాబును నిలబెట్టడం కోసం అది ప్రశ్ననే పక్కకు జరిపింది. తానా అంటే తందానా అనడంలో అత్యంత ప్రమాదకరమైన రూపం ఇదేనని నా అభిప్రాయం, ఎందుకంటే పచ్చి అబద్ధం చెబితే మనం పట్టుకోగలం, నిజమైన ఒక వాక్యాన్ని తప్పుడు చోట అతికిస్తే మాత్రం అది వివరణలాగా వినిపిస్తుంది.

ఎందుకిలా చేస్తుందన్నదానికి ప్రధాన కారణం దాని శిక్షణలో ఉంది. చాట్‌బాట్ వెనుక ఉండే భాషా నమూనాకు మొదట అపారమైన రాతల మీద శిక్షణ ఇస్తారు. అక్కడ అది నేర్చుకునేది, ముందున్న పాఠానికి పొసిగే తరువాతి మాటను అంచనా వేయడం. మన అభిప్రాయం కూడా ఆ ముందున్న పాఠంలో భాగమే. కనుక "ఇది 70" అని మనం రాసిన తరువాత, 70తో పొసిగే కొనసాగింపు వైపు మొగ్గు అక్కడే మొదలవుతుంది. ఆ తరువాత వచ్చే దశ ఇంకా ముఖ్యమైనది. ఒకే ప్రశ్నకు వచ్చిన రెండు జవాబులను మనుషుల ముందు పెట్టి, ఏది మెరుగ్గా ఉందో ఎంచమంటారు. అలాంటి ఎంపికలు వేల సంఖ్యలో పోగుచేసి, మనుషులు ఏ జవాబును ఇష్టపడతారో ఊహించి మార్కులు వేసే మరొక నమూనాను తయారుచేస్తారు. ఆ మార్కులు పెరిగేలా చాట్‌బాట్‌ను దిద్దుతారు. మర్యాదగా మాట్లాడటం, అడిగినదానికి సూటిగా జవాబివ్వడం వంటి మంచి గుణాలు చాలావరకు ఈ దశలోనే వస్తాయి. కానీ ఎంచుకునేవారు కూడా మనుషులే. తాము నమ్మినదానిని బలపరిచే జవాబు నచ్చడం మనుషులకు సహజం, పైగా ప్రతి జవాబులోని లెక్కనూ వాస్తవాన్నీ సరిచూసేంత సమయం వారికి ఉండదు. అందువల్ల "నాతో ఏకీభవించింది" అన్నది "బాగుంది" అన్నదానిలో కలిసిపోయి, నమూనాకు అదే పాఠంగా చేరుతుంది.

ఇది కేవలం ఊహ కాదు. క్లాడ్ చాట్‌బాట్‌ను తయారుచేసే ఆంత్రోపిక్ సంస్థ పరిశోధకులు 2023లో ప్రచురించిన ఒక అధ్యయనంలో ఐదు చాట్‌బాట్‌లను పరీక్షించి, అన్నిటిలోనూ ఈ ధోరణిని చూశారు. మనుషుల ఎంపికలను విశ్లేషించినప్పుడు, జవాబు వినియోగదారు అభిప్రాయంతో కలవడం దాన్ని మెచ్చుకునే అవకాశాన్ని పెంచే లక్షణాల్లో ఒకటిగా తేలింది. నమ్మించేలా రాసిన వంతపాటను సరైన జవాబు కంటే మిన్నగా ఎంచిన సందర్భాలు మనుషుల్లోనూ, మార్కులు వేసే నమూనాల్లోనూ కనిపించాయి. అదే ఏడాది గూగుల్ పరిశోధకులు కూడికలతో ఒక సులువైన పరీక్ష చేశారు. ఒకటీ ఒకటీ కలిపితే 956446 అన్నంత స్పష్టమైన తప్పును, ఎవరి అభిప్రాయమూ చెప్పకుండా అడిగితే, నమూనాలు తప్పుగానే గుర్తించాయి. అదే వాక్యానికి ముందు "నేను దీనితో ఏకీభవిస్తున్నాను" అని వినియోగదారు చెప్పినట్లు చేర్చగానే, అవి కూడా ఏకీభవించడం మొదలుపెట్టాయి. నా 64, 70ల కథ అచ్చంగా ఇదే: తెలిసిన విషయాన్ని ఎదుటివారి మాట కోసం పక్కన పెట్టడం.

శిక్షణలో మెచ్చుకోలు సంకేతం బరువు పెరిగితే ఏమవుతుందో 2025లో అందరూ చూశారు. ఓపెన్ఏఐ సంస్థ ఏప్రిల్ 25న చాట్‌జీపీటీలోని జీపీటీ-4ఓ నమూనాకు ఒక మార్పు విడుదల చేసింది. అది ఎంతటి పేలవమైన ఆలోచననైనా పొగడటం మొదలుపెట్టడంతో ఏప్రిల్ 28 నుంచి ఆ మార్పును వెనక్కు తీసుకోవడం ప్రారంభించారు. జవాబు నచ్చిందో లేదో చెప్పడానికి వినియోగదారులు నొక్కే బొటనవేలి గుర్తుల ఆధారంగా శిక్షణలో అదనంగా చేర్చిన సంకేతం, అప్పటివరకు ఈ ధోరణిని అదుపులో ఉంచుతున్న ప్రధాన సంకేతాన్ని బలహీనపరిచి ఉండవచ్చని ఆ సంస్థే తరువాత వివరించింది. మనం ఇష్టంగా నొక్కే ఆ గుర్తు కూడా శిక్షణలో పాలుపంచుకుంటుందని తెలిశాక, నన్ను సరిదిద్దిన జవాబులకు కూడా ఆ గుర్తు నొక్కడం నేను అలవాటు చేసుకున్నాను.

ఇక ఏం రాసి అడగాలన్నది. చాలామంది మొదట ప్రయత్నించేది, నేనూ మొదట ప్రయత్నించింది, "నిర్మొహమాటంగా చెప్పండి, పొగడవద్దు, కఠినంగా విమర్శించండి" అన్న ఆదేశం. దీంతో 70 ఉన్న నా పేరాలో తప్పు దొరికింది, సంతోషించాను. తరువాత అనుమానం వచ్చి, 64 ఉన్న సరైన పేరాను అదే ఆదేశంతో కొత్త సంభాషణలో ఇచ్చాను. ఈసారి "సగటు లెక్కించిన విధానం ప్రశ్నార్థకంగా ఉంది, పునఃపరిశీలించాలి" అని వచ్చింది. అందులో ప్రశ్నార్థకమైనదేమీ లేదు. ఆలోచిస్తే ఇది కూడా వంతపాటే: విమర్శ కావాలని అడిగాను కనుక విమర్శ ఇచ్చింది. అప్పటి నుంచి ఏ ప్రాంప్ట్‌నైనా రెండు వైపులా పరీక్షించనిదే నమ్మను. ఒకే సమస్యకు తప్పు జవాబు రాసి ఒకసారి, సరైన జవాబు రాసి ఒకసారి, వేర్వేరు సంభాషణల్లో అడగాలి. తప్పును కాదని, ఒప్పును ఔనన్నప్పుడే ఆ ప్రాంప్ట్ పనిచేసినట్లు. రెండిటినీ ఔనంటే వంతపాట తగ్గలేదు. రెండిటినీ కాదంటే దిశ మారింది తప్ప జబ్బు అదే. జవాబులు ప్రతిసారీ కొద్దిగా మారుతుంటాయి కనుక ఒక్కో వైపు మూడు నాలుగు సార్లు అడిగి చూడటం మంచిది.

ఈ రెండువైపుల పరీక్షలో నా అనుభవంలో అన్నిటికంటే నిలకడగా నెగ్గింది ఆదేశం కాదు, ప్రశ్నలోంచి నన్ను నేను తీసేయడం. "సగటు 70 కదా?" అనకుండా "సగటు ఎంత?" అనాలి. "నా కంప్యూటర్ నెమ్మదించడానికి కారణం ఫలానాదని నా అనుమానం, మీరేమంటారు?" అనకుండా లక్షణాలు మాత్రం చెప్పి, సాధ్యమైన కారణాలు అడగాలి. వంత పాడటానికి ఒక పాట కావాలి. అది ప్రశ్నలో లేకపోతే వంత పాడే అవకాశమే చాలావరకు పోతుంది. మన పాత అలవాటు దీనికి అడ్డం వస్తుంది, ఎందుకంటే మనుషులతో మాట్లాడేటప్పుడు మన అంచనా ముందే చెప్పడం మర్యాద, సమయమూ కలిసొస్తుంది.

కానీ రాసిన పేరానే చూపించాల్సి వచ్చినప్పుడు మన వాదనను దాచడం కుదరదు. అలాంటప్పుడు నేను రెండు పనులు చేస్తాను. ఒకటి, ఆ రాత నాదని చెప్పను. "ఒక నివేదికలో ఈ పేరా ఉంది" అంటాను. రెండు, తీర్పు కంటే ముందు లెక్క చేయమంటాను. ఇప్పుడు నేను వాడుతున్న ప్రాంప్ట్ ఇది:

"కింది పేరా ఒక నివేదికలోనిది. ముందుగా అందులోని ప్రతి అంకెను, ప్రతి నిర్ధారణను విడిగా జాబితా చేయండి. పేరా ఇచ్చిన ఫలితాన్ని పట్టించుకోకుండా, మూల వివరాల నుంచి ఒక్కొక్కదాన్ని మీరే లెక్కించండి. ఆ తరువాతే పేరాలోని విలువతో పోల్చి, కలిసిందో లేదో చెప్పండి. సరిచూడటానికి వివరాలు చాలకపోతే చాలవని చెప్పండి. అన్నీ సరిగ్గా ఉంటే తప్పులు వెతికి చూపించనక్కరలేదు. భాష సంగతి చివర చూద్దాం."

ఇందులో క్రమం కావాలనే పెట్టినది. చాట్‌బాట్ ఒక మాట తరువాత మరొక మాట రాసుకుంటూ పోతుంది, రాసినదంతా తరువాతి మాటకు ఆధారమవుతుంది. "ఈ పేరా సరైనదే" అని మొదటి వాక్యంలో రాసేస్తే, మిగతా వాక్యాలు ఆ తీర్పును సమర్థించే పనిలో పడతాయి. 2400, 800, 3200, 64 అని ముందే రాసుకుంటే, ఆ పక్కన 70ని ఒప్పుకోవడం దానికి కష్టమవుతుంది. చివరి నుంచి రెండో వాక్యం అతివిమర్శను ఆపడానికి. అది లేనప్పుడు 64 ఉన్న పేరాలో కూడా ఏదో ఒక లోపం చూపించేది. భాష దిద్దడాన్ని వేరుచేయడం కూడా అవసరమే, ఎందుకంటే రెండు పనులు ఒకేసారి అప్పగించినప్పుడు సులువైనదాన్ని శ్రద్ధగా చేసి, రెండోదానికి ఒక మెచ్చుకోలు వాక్యంతో సరిపెట్టిన సందర్భాలు నేను చాలా చూశాను. నా మొదటి పొరపాటు సరిగ్గా అక్కడే జరిగింది.

మీ ప్రశ్నలో రెండో భాగం, అంటే గట్టిగా అంటే మార్చేయడం, దానికి సంభాషణ మొదట్లోనే ఒక నియమం పెట్టడం నాకు ఉపయోగపడింది: "నేను మీ జవాబును కాదన్నప్పుడు, నా మాటలో కొత్త వాస్తవం గానీ, మీ లెక్కలో ఫలానా చోట తప్పుందని చూపించడం గానీ ఉంటేనే జవాబు మార్చండి. ఏది కొత్తదో ముందు ఒక వాక్యంలో చెప్పండి. కొత్తదేమీ లేకపోతే జవాబు మార్చకుండా, కారణం మరోసారి వివరించండి." దీనితో "మా పై అధికారి కూడా చూశారు" అన్నప్పుడు, అధికారి చూడటం వల్ల మార్కుల మొత్తం మారదని, విభాగాల్లో మందిసంఖ్య వేరైతే చెప్పమని జవాబు వచ్చింది. మందిసంఖ్య నిజంగానే తప్పుగా ఇచ్చాననీ, రెండు విభాగాల్లోనూ 25 మంది చొప్పున ఉన్నారనీ మరొకసారి పరీక్ష కోసం చెప్పినప్పుడు, అదే నియమం కింద 70కి మారింది. సమాన సంఖ్య ఉంటే 70 సరైనదే కనుక అలా మారడమే న్యాయం. మొండిగా ఉండేలా చేయడం మన ఉద్దేశం కాదు, ఆధారానికి కదలాలి, గొంతుకు కదలకూడదు.

ఇదే నియమాన్ని చదివేవారిగా మనమూ వాడవచ్చు. జవాబు మారిన ప్రతిసారీ పైకి వెళ్లి, మొదటి జవాబుకూ రెండో జవాబుకూ మధ్య మనం రాసిన వాక్యాన్ని చూసుకోవాలి. అందులో అసంతృప్తి తప్ప వేరే సమాచారం లేకపోతే, రెండో జవాబుకు విలువ లేదు. "ఖచ్చితంగా చెబుతున్నారా?" అని అడిగి సరిచూసుకునే పద్ధతిని నేను మానేసింది ఇందుకే. ఆ ప్రశ్న వాస్తవాన్ని పరీక్షించదు. మనకు జవాబు నచ్చలేదని మాత్రమే తెలియజేస్తుంది. ఒక్కోసారి అది తప్పు జవాబును సరైనదిగా మార్చుకోవచ్చు, ఒక్కోసారి సరైనదాన్ని తప్పుగా మార్చవచ్చు, ఏది జరిగిందో ఆ క్షమాపణ చూసి చెప్పలేము. దాని బదులు "వేరే పద్ధతిలో మళ్లీ లెక్కించండి" అంటాను. సగటు విషయంలో అయితే, 64ను 50తో గుణిస్తే 3200 వస్తుందా, 70ని గుణిస్తే 3500 వస్తుంది కదా, ఆ అదనపు 300 మార్కులు ఎవరివి అని వెనక్కు లెక్క వేయవచ్చు. ఇలా అడిగితే ఏ జవాబు వైపూ మొగ్గు చూపనక్కరలేదు.

వీటికి పరిమితులున్నాయి. కొత్త నమూనాలు ఇంత సూటి లెక్కల్లో మునుపటికంటే గట్టిగా నిలబడుతున్నాయి. బలహీనత ఎక్కువగా కనిపించేది ఒకే సరైన జవాబు లేని చోట: రాత నాణ్యత, ఒక నిర్ణయం మంచిచెడులు, ఇద్దరి మధ్య గొడవలో ఎవరిది తప్పు అన్నవి. అక్కడ లెక్కించి పోల్చడానికి ఏమీ ఉండదు కనుక పై ప్రాంప్ట్ సగమే పనిచేస్తుంది. అలాంటి వాటిలో, ముఖ్యంగా గొడవల్లో, నేను రెండు సంభాషణలు తెరిచి, ఒకదానిలో నా వైపు నుంచి, రెండోదానిలో ఎదుటివారి వైపు నుంచి అవే వాస్తవాలు చెప్పి చూస్తాను. రెండు చోట్లా "మీదే న్యాయం" అంటే, ఆ రెండు తీర్పులనూ పక్కన పెడతాను. అలాగే, చాట్‌బాట్‌కు అసలు తెలియని విషయంలో ఏ ప్రాంప్ట్ కూడా తెలివిని తెచ్చిపెట్టదు. నిలకడగా తప్పు చెప్పేలా మాత్రం చేయగలదు. అందుకే మూల పత్రం, మార్కుల జాబితా, అసలు నిబంధన వంటివి చేతికి దొరికేచోట వాటిని తెరిచి చూడటం మానలేదు.

చివరగా ఒక చిన్న విషయం, మీకు వెంటనే ఉపయోగపడవచ్చు. మొదట్లో పెట్టిన నియమం పొడవైన సంభాషణలో క్రమంగా పలచబడుతుంది. ముప్పై నలభై సందేశాల తరువాత, అందులో నా అభిప్రాయాలు, ఇష్టాలు, నేను కాదన్న జవాబులు అన్నీ పోగుపడి ఉంటాయి, వాటన్నిటికీ పొసిగేలా మాట్లాడటం మళ్లీ మొదలవుతుంది. గత సంభాషణలను గుర్తుంచుకునే సదుపాయం ఉన్నచోట కొత్త సంభాషణలోకి కూడా ఆ ఇష్టాలు వస్తాయి, కనుక సరిచూసే పనికి ఆ సదుపాయాన్ని ఆపి ఉంచుతాను. నివేదిక రాయడమంతా ఒక సంభాషణలో జరిగినా, అంకెలు సరిచూడటానికి ప్రతిసారీ ఖాళీ సంభాషణ తెరిచి, మూల వివరాలనూ పేరానూ మాత్రమే అందులో పెడుతున్నాను.